దీనమణి అడిగిన క్షమాపణ

ఒకానొక ఊరి కాలేజీలో అద్దాల బీరువాల లైబ్రరీ ఒకటుండేది. చేతులు పడితే పుస్తకాలు నలిగిపోతాయని కరస్పాండెంటు గోవర్ధనరావుగారు దానికి తాళం వేయించి, వచ్చిన పెద్దమనుషులకు కిటికీలోంచి చూపించి మురిసిపోయేవారు. హాస్టల్లో పలకరించే దిక్కులేని దీనమణికి పుస్తకమైనా తోడుంటే బాగుండుననిపించేది. మూడేళ్లూ ఆ కిటికీ దగ్గరే నిలబడింది.

వీడ్కోలు సభలో ఫైనలియర్ వాళ్ల తరఫున మాట్లాడే వంతు ఆమెకొచ్చింది.

"కృతజ్ఞతలు, క్షమాపణలు, జూనియర్లకు నాలుగు మంచిమాటలు. అంతే! ఫిర్యాదులు మొదలెట్టావో, మైకు ఆపించేస్తా," అన్నారు గోవర్ధనరావుగారు ముందుగానే.

దీనమణి వేదికమీది పెద్దలకూ, గురువులకూ, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ వరసగా నమస్కారం పెట్టింది. పాఠం చెప్పినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పింది. ఆఖరున ఆనవాయితీ ప్రకారం కరస్పాండెంటుగారికి చేతులు జోడించింది.

"నావల్ల ఒక పెద్ద తప్పు జరిగింది. క్షమిస్తారా సార్?"

"క్షమించాం తల్లీ!" అన్నారాయన చప్పట్ల మధ్య, ఉదారంగా.

"మూడేళ్లు చదివీ మన లైబ్రరీలో ఒక్క పుస్తకం ముట్టలేదు సార్. మీరు ముచ్చటపడి కట్టించినదానికి ఇంతకంటే అవమానముందా? నా తప్పు మా జూనియర్లు చెయ్యకుండా ఇప్పుడే తాళం తీయించండి."

హాలంతా ఈలలు, చప్పట్లు. తియ్యనంటే తప్పు ఎవరిదో అందరిముందూ తేలిపోతుంది. ఆయన పళ్లు కొరుకుతూ జేబులోంచి తాళంచెవి తీశారు.

పిల్లలు లైబ్రరీకి ఎగబడ్డారు. "అక్కా, నీకు ఏ పుస్తకం తియ్యమంటావ్?" అని అడిగిందొక జూనియర్. ఆ కాలేజీలో దీనమణిని అక్కా అని పిలిచిన మొదటి మనిషి ఆ పిల్లే.

"నాకివ్వరమ్మా, ఇవాళ్టితో నేను బయటిదాన్ని," అంది దీనమణి, హాస్టల్ ఖాళీ చేసి సర్దుకున్న పెట్టె చేతికి తీసుకుంటూ. "నువ్వు చదువుకో."