కొంగలవాగుకు పిలుపు

ఇవామురా గారు శిష్యుల బొమ్మలను బాగున్నాయనీ అనరు, బాగాలేవనీ అనరు. బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పగటి వెలుగులో చూసి, ఒక్క ప్రశ్న వేస్తారు. జవాబు చెప్పలేని శిష్యులు బొమ్మను తామే చుట్టుకుని వెనక్కి పోవాలి.

జపానులో కొండల నడుమ ఒక చిన్న పట్టణంలో ఉంది ఆయన చిత్రశాల. బొమ్మల సినిమాలకు కావలసిన అడవులూ ఏర్లూ ఆకాశాలూ అక్కడ గీస్తారు. లోకమంతా మెచ్చుకున్న ఆ దేశపు బొమ్మల సినిమాలు చూసినవారికి ఆ తీరు తెలిసే ఉంటుంది. చెట్ల సందుల్లోంచి చిన్న చిన్న ఆత్మలు తొంగిచూస్తుంటాయి. అడవిలో అడుగుపెట్టినవాణ్ణి అడవి కూడా చూస్తున్నట్టుంటుంది. రోజంతా పని చేసి అలసిన మనుషుల్లాగా దేవుళ్ళు వరసలో నిలబడి స్నానశాలకు వస్తారు.

మా ఊరి బడిలో నా దగ్గర అక్షరాలు దిద్దిన హైమావతి ఆయన దగ్గర రెండేళ్ళుగా పని నేర్చుకుంటోంది. అలాంటి సినిమాలో ఒక దృశ్యం ఆమెకు అప్పగించారు. చలికాలం, స్నానశాల వాకిలి, దేవుళ్ళ వరస. ఆ వరసలో మొదట నిలబడే దేవుణ్ణి ఆమె గీయాలి. ఏడాది చివరిలోగా గీయలేకపోతే దృశ్యం ఇంకొకరికి పోతుంది, ఆమె మళ్ళీ రంగులు నింపే బల్ల దగ్గరికి పోతుంది.

మొదటిసారి ఆమె నాలుగు చేతులు, కిరీటం, తల వెనక వెలుగుల చక్రం పెట్టి గీసింది. ఇవామురా గారు కిటికీ దగ్గర నిలబడి, "ఈయన ఎక్కడి నుంచి వస్తున్నాడు?" అన్నారు.

"స్వర్గం నుంచండీ."

బొమ్మ తిరిగి ఆమె చేతికొచ్చింది. రెండోసారి ఒంటినిండా ఆకులు చుట్టుకున్న దేవుడు. మళ్ళీ అదే ప్రశ్న.

"అడవి నుంచండీ."

"ఏ అడవి?"

ఆ బొమ్మా చుట్టుకుని వెళ్ళింది. మూడోసారి ఒక మహావృక్షం గీసి, దాని మానులో గూడు చేసి, అందులో ఒక ముసలాయన్ని కూర్చోబెట్టింది.

"ఈయన ఈ చెట్టులో ఉంటున్నాడా?"

"అవునండీ."

"అద్దెకా?"

హైమకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బొమ్మ చుట్టేసి, అప్పటిదాకా దాచుకున్న ప్రశ్న అడిగేసింది.

"గురువుగారూ, మా ఊళ్ళో కూడా దేవుడికి అభిషేకం చేస్తాం. కానీ అది మా పుణ్యం కోసం. ఆయనకు మురికి అంటిందని కాదు. మన మురికి కడగాల్సినవాడికే మురికి అంటితే ఆయన దేవుడెలా అవుతాడు? దేవుడికి స్నానమెందుకో తెలిస్తే తప్ప నా చెయ్యి కదలదు."

ఇవామురా గారు కుంచె కడుక్కుంటూ, "రేపు మంచులో నడిచే బూట్లు వేసుకుని రా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, అది ఆగిపోయిన చోట దిగి, దేవదారు చెట్ల మధ్య నడిచారు. ఎదురుగా ఒక ముసలామె వెదురు గంపతో దిగి వస్తోంది. పేరు తోమె. ఆ పైనున్న పల్లె ఆమెది. గురువుగారికి పాత పరిచయం.

"మళ్ళీ శిష్యులెవరో నీకు తలనొప్పి తెచ్చినట్టున్నారే!" అంది ఆయన్ని చూసి. ఆయన వంగి నమస్కరించారు. ఆమె వెనక్కి తిరిగి వాళ్ళతో పాటే పైకి నడిచింది.

దారిలో ఒక దేవదారు ఉంది. ముగ్గురు చేతులు కలిపినా చుట్టుకు రాదు. దాని మానుకు మనిషి మణికట్టంత లావు గడ్డితాడు కట్టి ఉంది. తాటికి మెరుపులా మడిచిన తెల్ల కాగితాలు వేలాడుతున్నాయి.

"ఇందులో దేవుడుంటాడా అవ్వా?" అంది హైమ.

"లోపల చూడ్డానికి నేనేం పిట్టనా, తొర్రలో దూరడానికి?" అంది తోమె అవ్వ. "వస్తాడు. దిగుతాడు. మా తాతల నాడు ఇక్కడ ఒళ్ళు గగుర్పొడిచి ఉంటుంది, తాడు కట్టారు. ఇక్కణ్ణుంచి మాట తగ్గించి నడవమని దాని అర్థం. చెట్టు వేరూ దేవుడు వేరూ అని మాకెవరూ చెప్పలేదమ్మా. ఏరయినా అంతే, కొండయినా అంతే, గాలయినా అంతే. ఎనభై లక్షల దేవుళ్ళని అంటాం."

"మాకు ముక్కోటి" అంది హైమ, కొంచెం గర్వంగానే.

"మరి అంతమందికీ స్నానానికి నీళ్ళు ఎవరు కాస్తున్నారు?" అంది అవ్వ.

ఇంకాస్త పైన, ఈ మధ్యే కొట్టిన చెట్టు మొద్దు కనిపించింది. దాని మీద అదే చెట్టు చివరి కొమ్మ ఒకటి నిలువుగా గుచ్చి ఉంది. చెట్టు కొట్టినవాళ్ళు చిటారు కొమ్మను కొండదేవతకు తిరిగి ఇచ్చిపోవడం అక్కడి పాత ఆచారమట. హైమ వెనకబడిపోయి, "గురువుగారూ!" అని కేకేసింది. ఎదుటి కొండ ఆ కేకను మెల్లగా తిరిగి పంపింది. చెట్లలోని ఆత్మే బదులు పలుకుతుందని పూర్వం వాళ్ళు అనుకునేవారని చెప్పి, "చూశావా, మీ గురువు పలకకపోయినా అడవి పలికింది" అంది అవ్వ.

పల్లెలో పాతిక గడపలు. గుడి చిన్న కొయ్య మండపం. ముందున్న రాతితొట్టిలో గరిటెతో నీళ్ళు ముంచి, ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికి వెళ్ళారు. మండపం మధ్య మట్టిపొయ్యి, దాని మీద రెండు ఇనప కాగులు. వాటిపైన కప్పు నుంచి తోరణాల్లా కత్తిరించిన తెల్ల కాగితాలు వేలాడుతూ ఆవిరికి ఊగుతున్నాయి.

ఆ పల్లెవాళ్ళు ఏటా చలి ముదిరే నెలలో చేసే పండుగ అది. పొద్దు బాగా కుదించుకుపోయి, చెట్టూ చేమా నీరసించే రోజుల్లో దేవుళ్ళూ అలసిపోతారట. అందుకని చుట్టుపట్ల కొండల దేవుళ్ళనూ ఏర్ల దేవుళ్ళనూ పేరుపేరునా పిలిచి వేడినీళ్ళ స్నానం సమర్పిస్తారు. స్నానమయ్యాక వాళ్ళు మళ్ళీ కొత్తబలంతో తమ తమ చోట్లకు వెళతారు. ఆ తర్వాత ముసుగులు వేసుకున్నవాళ్ళు ఉడుకునీళ్ళను ఒట్టిచేతులతో జనం మీద చిలకరిస్తారు. దేవుళ్ళు స్నానం చేసిన నీళ్ళు కదా, మనుషులకూ బలం.

పూజారి ఏడాదంతా ముల్లంగి పండించే రైతు. నేల మీద కూర్చుని, పిలుపు మొదలుపెట్టే ముందు సరిచూసుకుంటూ, పొడుగు కాగితంలోంచి పేర్లు చదువుతున్నాడు. వాటిలో గొప్ప పేర్లు కొన్నే. మిగిలినవి ఫలానా మలుపు ఏరు, ఫలానా వాళ్ళ పొలం పైనున్న బండ, విరిగిన వంతెన కింది మడుగు. ఒక పేరు దగ్గర అతను గొంతు బాగా తగ్గించాడు.

"అదెవరు?" అని గుసగుసగా అడిగింది హైమ.

"కింద పారే ఏరు. పదకొండేళ్ళ కిందట ఆరు ఇళ్ళు ఎత్తుకుపోయింది. మా ఇల్లు కూడా" అంది తోమె అవ్వ.

"అయినా స్నానానికి పిలుస్తున్నారా?"

"పొలానికి నీళ్ళిచ్చేదీ అదేనమ్మా. ఒకే దేవుడికి మెత్తని మనసూ ఉంటుంది, కరకు మనసూ ఉంటుంది. పిలవడం మానేస్తే మెత్తబడతాడా?"

పూజారి జాబితా పూర్తి చేసి, కొత్త ముఖం చూసి ఆగాడు. "దూరం నుంచి వచ్చినట్టున్నారు. మీ ఊరి నుంచి ఎవరినైనా పిలవాలా?"

హైమ ముఖం వెలిగింది. తనకు తెలిసిన మహాదేవతల పేర్లు వరసగా చెప్పబోయింది. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వాళ్ళకు పెద్ద పెద్ద గుళ్ళుంటాయి కదండీ. మీరు చిన్నప్పుడు తాగిన నీళ్ళ పేరు చెప్పండి."

ఆమె తల వంచుకుంది. మా ఊరి పక్కన పారేది కొంగలవాగు. ఆమె చిన్నతనంలో ఒడ్డు పొడుగునా తెల్లగా కొంగలు ఉండేవి. తర్వాత పైన ఉప్పుడు బియ్యం మిల్లు వచ్చింది. వడ్లు ఉడికిన నీళ్ళూ ఊక బూడిదా వాగులోకి వదిలారు. ఇప్పుడు ఆ వంతెన దాటేటప్పుడు ముక్కుకు గుడ్డ పెట్టుకోనివారు లేరు. రోజూ బడికి పోయే నేనూ పెట్టుకుంటాను.

"పిలవకూడదండీ" అంది ఆమె. "నల్లగా ఉంటుంది. కంపు కొడుతుంది. ఇంతమంది దేవుళ్ళ మధ్యకి..."

పూజారి తెల్లబోయి చూశాడు. ఆ మాటలో సందేహించడానికి ఏముందో అతనికి అర్థం కాలేదు.

"అయితే ముందు ఆయనే స్నానం చేయాలి కదా?" అన్నాడు.

కుంచె తీసుకుని, పలకడం రాని ఆ పేరును రెండుసార్లు ఆమెతో చెప్పించుకుని, జాబితా చివర రాశాడు. తర్వాత ఒక క్షణం ఆలోచించి, ఆ పేరునే మొదట పిలిచాడు. తోమె అవ్వ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. "మురికి ఆయనది కాదమ్మా, అంటుకుంది. అంటుకున్నది పోతుంది. నీ బూట్ల బురద నువ్వా?" అంది ఆవిరిలోంచే. వేడినీటి తుంపరలు ముఖం మీద పడ్డప్పుడు హైమ కళ్ళు తుడుచుకోలేదు. ఏవి కన్నీళ్ళో ఏవి కాగునీళ్ళో ఎవరికీ తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు గురువుగారు బస్సులో హాయిగా నిద్రపోయారు.

మూడు రోజుల తర్వాత ఆమె నాలుగో బొమ్మ తెచ్చింది. అందులో కిరీటం లేదు, చక్రం లేదు. వాగు వంపులాగే వంగిన ఒక పొడుగాటి ముసలి ఆకారం. ఒంటి మీద బూడిద అట్టలు కట్టింది. అంచుల వెంట ఊక అతుక్కుని ఉంది. నడిచివచ్చిన దారి పొడుగునా నల్లటి తడి. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు గడపకు రెండడుగుల అవతల, స్నానశాల మూసిన తలుపు ముందు, తల దించుకుని నిలబడి ఉంది. భుజం మీద మాత్రం ఎప్పటిదో ఒక్క కొంగ ఈక, తెల్లగా.

ఇవామురా గారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు చూశారు.

"ఈయన ఎక్కడి నుంచి వస్తున్నాడు?"

"మా ఊరి వాగండీ. కొంగలవాగు. పైనున్న మిల్లు దగ్గర ఒంటికి అంటుకుంది. నేను ఆరో ఏట ఈత నేర్చుకున్నది ఈయన దగ్గరే."

ఆయన బొమ్మను ఆమెకు తిరిగి ఇవ్వలేదు. తన బల్ల మీద పరిచి, కుంచె మాత్రం తీసి ఆమె చేతిలో పెట్టారు.

"అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి చలిలో నిలబెట్టావేం? తలుపు తియ్యి" అన్నారు.