పటిక పెట్టిన గుడ్డ

కలం చేతిలో ఉన్నంతసేపు ఎవరేమడిగినా మునిలక్ష్మమ్మ బదులు చెప్పేది కాదు. శ్రీకాళహస్తిలో ఆమె దగ్గర కలంకారీ నేర్చుకుంటున్న ధరణికి ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఉదయం ఆగలేక అడిగేసింది.

"అమ్మా, ఒక మాట ప్రేమతో అన్నారో స్నేహంతో అన్నారో తెలియకపోతే ఏమని బదులివ్వాలి?"

ఆ మాట ఆమె సొంతూరి స్నేహితుడు భార్గవ్ ఫోన్‌కు పంపింది. ఆమె ఇక్కడికి రాకముందు ఐదేళ్లపాటు చిత్రకళా ప్రదర్శనలన్నిటికీ ఇద్దరూ కలిసే వెళ్లేవారు. "నువ్వు లేక ఊరంతా ఖాళీగా ఉంది. శనివారం సినిమాకొస్తావా? మనిద్దరమే." చివర ఒక పసుపు హృదయం. ధరణికి అతనిపై స్నేహమే ఉంది. ఆ స్నేహం పోతుందేమోనని భయం. పాత సందేశాలు తిరగేస్తే, స్నేహితుల గ్రూపులో అందరికీ అవే హృదయాలు పంపాడు. కానీ "మనిద్దరమే" అని ఎప్పుడూ రాయలేదు. నవ్వు బొమ్మ ఒకటి పంపి ఊరుకుందామనుకుంది. తర్వాత పెళ్లి ఉద్దేశం లేదంటూ పేజీడు రాసి, పంపకుండా ఉంచింది.

గురువు కలం పక్కన పెట్టి, ధరణి చూపించిన ఫోన్‌లో అదంతా చదివింది. "సినిమాకి రమ్మంటే పెళ్లి వద్దంటావేం మే?"

అని, మూలనున్న గుడ్డను విప్పింది. బొమ్మల నల్ల గీతలు అప్పటికే గీసి ఉన్నాయి. ఎరుపు రావలసిన పూలకు పటిక నీళ్లు పూశారో లేదో పనివాళ్లెవరికీ గుర్తులేదు. పటిక పూసిన చోటే ఎరుపు పడుతుంది, కానీ ఆరితే అది కంటికి కనిపించదు. ధరణి ఎండకు పట్టి చూసింది, వేలితో తడిమింది.

"ఇంకో నెల చూడు," అంటూ మునిలక్ష్మమ్మ అంచు పువ్వులోంచి గోరంత ముక్క కత్తిరించి, మరుగుతున్న రంగు కుండలో వేసింది. కాసేపటికి ముక్క ఎర్రగా తేలింది. గుడ్డంతా కుండలోకి దిగింది.

ధరణి పేజీడూ చెరిపేసి మళ్లీ రాసింది: "సినిమాకి తప్పకుండా వస్తాను, స్నేహితురాలిగా. నువ్వు వేరే ఉద్దేశంతో అడిగావో లేదో నాకు తెలియలేదు. అలా అయితే సూటిగా చెప్పు, తప్పుగా అనుకోను."

పంపి ఫోన్ పక్కన పెట్టింది. గుడ్డ ఉతికి ఆరేసేలోగా జవాబు వచ్చింది.

"కొంచెం ఆశ ఉండింది. అడగడానికి ధైర్యం లేక హృదయం అతికించాను. నువ్వే తేల్చేశావు, హమ్మయ్య! ఒక వారం నా మొహం వేలాడితే పట్టించుకోకు. సినిమా మాత్రం మానేది లేదు. ఏడుపు సినిమా అయితే నీ పక్కన కూర్చోను."

ధరణి నవ్వింది. గుండెల మీది బరువు దిగింది. అయినా ఆ మొదటి వాక్యం దగ్గర చూపు ఆగింది.

"బాధపడ్డాడమ్మా."

"పడనీ," అంది మునిలక్ష్మమ్మ, మళ్లీ కలం అందుకుంటూ. "తేలిపోయిందిగా, ఇవాళ అన్నం తింటాడు."