కలవని పళ్ళేలు

కుందనగిరి రాజు విక్రమభూపతికి, రాణి మాణిక్యాంబకు ఒకరోజు మాటామాటా వచ్చింది. ఎవరి ప్రేమ ఎక్కువ అన్నదే తగువు. రాణి అలిగి పుట్టింటికి వెళ్ళిపోయింది. నెల తిరిగింది. రాజుకి అన్నం సయించడం లేదు.

"రాణి మనసు మారేలా పద్యం రాయండి. మధ్యాహ్నానికి పల్లకీ బయలుదేరాలి" అన్నాడు ఆస్థాన కవి సోమయార్యుడితో.

సోమయార్యుడు గంటలోనే తాటాకు పట్టుకుని సభకు వచ్చాడు.

"మీ దాంపత్యం త్రాసు ప్రభూ. పైన అడ్డంగా ఉండే దండె మీ పెళ్ళి. రెండు పళ్ళేలు మీరిద్దరు. నడుమ ముల్లు మీ ప్రేమ. అది నిటారుగా నిలబడింది కనుక ఎవరి ప్రేమా తక్కువ కాదు. ఒక పళ్ళెం కదిలితే రెండోదీ కదులుతుంది. అందుకే అమ్మగారు అక్కడ కుంగితే ఇక్కడ మీరు నిలవలేకపోతున్నారు."

రాజు కళ్ళు చెమర్చాయి. సోమయార్యుడు మీసం సవరించుకున్నాడు.

ఆకువక్కల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ దాసి మల్లసాని నెమ్మదిగా అడిగింది.

"అమ్మగారు కుంగితే అయ్యగారి పళ్ళెం ఎటు పోతుంది కవిగారూ?"

"పైకి."

"అంటే అమ్మగారు ఏడిస్తే అయ్యగారు సంబరపడుతున్నారన్నమాట."

రాజు ముఖం మాడిపోయింది.

"పోలికను అంతదూరం లాగకూడదు" అన్నాడు సోమయార్యుడు.

"లాగింది తమరే కదండీ. ఉత్త త్రాసు అని ఊరుకుంటే ఎవరూ అడగరు. దండె, పళ్ళేలు, ముల్లు అని ఒక్కొక్కటే తెచ్చి ఇది అదే అని ఒప్పించారు. ఇంత నమ్మించాక మిగతావీ వెంట వస్తాయి. పైగా ఆ రెండు పళ్ళేలు ఎప్పటికీ కలవవు. అమ్మగారు అది చదివితే పల్లకీ ఖాళీగానే తిరిగొస్తుంది."

"చించేయండి" అన్నాడు రాజు.

"వద్దు ప్రభూ" అంది మల్లసాని. "పోలిక ఎక్కడ తెగేలా ఉందో అక్కడే అసలు మాట ఉంది. ఒక్క పాదం చేర్చితే చాలు."

"దాసి పద్యం పూర్తి చేస్తుందా?" అని నవ్వాడు సోమయార్యుడు. "కలవని పళ్ళేలను ఎలా కలుపుతావు?"

"తూచడం మానేస్తే సరి. త్రాసును విప్పి పెట్టెలో పెట్టినప్పుడు ఒక పళ్ళెం మీద ఇంకో పళ్ళెం ఒదిగి పడుకుంటుంది."

రాజు తాటాకు అందుకుని ఆ పాదం తనే రాశాడు.

మర్నాడు పల్లకీలోంచి రాణి దిగింది. చేతిలో ఆ తాటాకు ఉంది.

"మొదటి భాగం కవిగారిదని తెలుస్తూనే ఉంది. చివరి పాదం ఎవరిది?"

నాది అందామని రాజు నోరు తెరిచాడు. రాణి కళ్ళలోకి చూసి, "మల్లసానిది" అన్నాడు.

"అనుకున్నాను. మీరైతే తూకం వదిలిపెట్టరు."

ముందు రాజే నవ్వాడు. తర్వాత సభంతా నవ్వింది. సోమయార్యుడికీ నవ్వక తప్పలేదు. రాణి తన మెడలోని ముత్యాల హారం తీసి మల్లసాని మెడలో వేసింది.