అప్పలస్వామి కొట్టివేతలు

ఏది ముందు జరిగిందో, ఏది తరవాతో కొంచెం తారుమారు చేస్తానేమో. అన్న మాటలు మాత్రం బాగానే గుర్తున్నాయి.

విజయనగరంలో ఖాదర్ మాస్టారి హార్మోనియంల షాపులో ఒక మనిషి కావలసి వచ్చింది. మాస్టారికి చెవి తగ్గింది. మనిషిని ఎంచే పని పెద్ద శిష్యుడు అప్పలస్వామికి అప్పగించారు. పదిహేనేళ్లుగా ఆయన దగ్గరే పని చేస్తున్న అప్పలస్వామికి అది గర్వంగానే ఉంది. చొక్కా ఇస్త్రీ చేయించి, బల్లకు అవతల కూర్చున్నాడు.

ఉదయం వచ్చినవాడు గడగడా మాట్లాడాడు. ఏం పాడైందో చెప్పమని ఒక పాత హార్మోనియం పెట్టె ఇస్తే, మూడు లోపాల్లో రెండు పట్టుకున్నాడు.

మధ్యాహ్నం దమయంతి వచ్చింది. పలాస వైపు జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. వేళ్లు జీడి నూనెకు నల్లబడ్డాయి. ఊరి భజన హార్మోనియం పాడైతే విప్పి, చూసి, మళ్లీ విప్పి, తనకు తానే నేర్చుకుంది. ఈ పని దొరక్కపోతే సోమవారం మళ్లీ ఆ గింజల దగ్గరికే.

"మెట్టు కింద గాలిదారి మూసే చెక్కను ఏమంటారు?"

ఆమెకు తెలియదు. దానికి తను పెట్టుకున్న పేరు చెప్పడానికి సిగ్గేసింది.

"శృతి పెంచాలంటే రీడ్ ఇత్తడి నాలికను ఎక్కడ గీకాలి?"

"మొదట్లో... కాదండి, కొసన."

అయిదు నిమిషాల్లో పంపేశాడు. పెట్టె చేతికి ఇవ్వనేలేదు. ఆమె గురించి రాసుకున్న కాగితం తీసుకెళ్లి మాస్టారికి చూపించాడు.

మాస్టారు జేబులోంచి పెన్సిల్ తీశారు. "చదువు."

"చేతులు వణుకుతున్నాయి."

"ఇది హార్మోనియం గురించా?"

"కాదండి."

మాస్టారు గీత కొట్టారు. 'కళ్లెత్తి చూడదు' మీద ఒక గీత. 'గొంతు పెగలదు' మీద ఇంకొకటి.

"ముందొక మాట, తరవాతొక మాట. ఇది మాత్రం పని గురించేనండి."

"అప్పుడు ఆవిడ చేతిలో రీడ్ ఉందా?"

"లేదండి."

దాని మీదా గీత పడింది. కాగితం మీద ఆమె పేరు ఒక్కటే మిగిలింది.

"అయితే ఇంటర్వ్యూ ఇంకా మొదలవలేదన్నమాట," అని మాస్టారు కాగితం తిరిగి ఇచ్చేశారు.

అప్పలస్వామి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. ఆమె బస్సు కోసం నిలబడి ఉంది.

"మళ్లీ అడుగుతారా బాబూ?" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"అడగనమ్మా. ఉదయం ఒకాయనకి ఇచ్చిన పెట్టే మీకూ ఇస్తాను. తొందరేం లేదు."

ఈసారి బల్ల లేదు. చాప మీద ఆమెకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాడు. మొదట ఆమె చేతిలోంచి మేకు జారింది. అతను పెన్సిల్ ఎత్తబోయి కింద పెట్టేశాడు.

"మిమ్మల్ని బాగా ఏడిపించిన పెట్టె ఏది?"

ఆమెకు నవ్వొచ్చింది. "మా భజన పెట్టేనండి. శృతి పెంచుదామని గీకి గీకి రీడ్ విరిచేశాను. నెల్లాళ్లు నన్నెవరూ పలకరించలేదు. అప్పట్నుంచి రీడ్ నాలిక కింద పల్చటి రేకు పెట్టి గీకుతాను."

మాట్లాడుతూనే ఏ మెట్టూ నొక్కకుండా తిత్తి ఊది ఆగింది. గాలి నిలవక తిత్తి జారిపోయింది. చెయ్యి తడిచేసుకుని అతుకుల వెంట పోనిచ్చింది. ఒకచోట ఆపి, "ఇక్కడ చల్లగా ఉందండి," అంది. అక్కడ తోలు వీడింది; జిగురు రాసి అతికించింది. నొక్కకుండానే మోగే మెట్టు కింద చెత్త ఇరుక్కుంది. అది తీసింది. మూడోది దిగిపోయిన స్వరం, ఉదయం ఆయన వదిలేసినది. రేకు దూర్చి, రీడ్ కొసన రెండుసార్లు గీకింది. పై స్థాయి స్వరంతో కలిపి వింది. కాస్త ఎక్కువైంది. మొదట్లో ఒక్కసారి గీకి దింపింది. రెండు స్వరాలూ కలిసిపోయాయి.

చేతులు చివరిదాకా వణుకుతూనే ఉన్నాయి. గీకేటప్పుడు మాత్రం మణికట్టును పెట్టె అంచుకు ఆనించుకుంది.

అప్పలస్వామి కొత్త కాగితం మీద రాశాడు: 'లోపాలు మూడు. మూడూ పట్టింది, మూడూ బాగుచేసింది. తన తప్పు తనే వినిపట్టి దిద్దుకుంది. పేర్లు తెలియవు, వారంలో చెప్పొచ్చు.' తరవాత ఆమెతో, "సోమవారం ఇక్కడికే రండి," అన్నాడు.

సాయంత్రం మాస్టారి కాళ్లకు దండం పెట్టాడు. "పెద్ద తప్పు తప్పించారు గురువుగారూ. మీ మేలు మరిచిపోను."

మాస్టారు కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

"నాకెందుకురా? వెళ్లగొట్టినవాడు పిలిస్తే వచ్చి మళ్లీ కూర్చుంది ఆ పిల్ల."

శంకరం, నువ్వు ఆ షాపులో పనిచేసినవాడివి కదా, పేర్లు ఒకసారి చూసిపెట్టు నాయనా. మిగతావి అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఆ పిల్ల పేరు మాత్రం తప్పు పోకూడదు.