చప్పట్ల కోసం పెట్టిన స్లైడు

కొండవలస మున్సిపాలిటీ నీటి సరఫరా ఆఫీసులో తరళ అనే గుమాస్తా ఉండేది. ఉన్న మాట ఉన్నట్టు చెబితే ఆమెకు నోరు చప్పగా ఉండేది. చినుకు పడితే ఆకాశం చిల్లుపడిందనేది. ఫ్యాను కాస్త కిర్రుమంటే నెత్తిన పడబోయిందనేది. మనసు మంచిదే. ఊహలకే కళ్లెం లేదు.

ఆ ఆఫీసులో పంపు ఆపరేటరు పైడిరాజు ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి ఆ నెలాఖరున రిటైరవుతున్నాడు. సూపరింటెండెంటు అనసూయమ్మ తరళను పిలిచింది.

"వీడ్కోలు సభలో తెర మీద చూపించడానికి నువ్వే తయారు చెయ్యమ్మా. మూడు భాగాలు. మొదట ఉద్యోగంలో మైలురాళ్లు, పది నిమిషాలు. తర్వాత తోటివాళ్ల జ్ఞాపకాలు, మనిషికి రెండు నిమిషాలు, ఎనిమిది మందికి మించొద్దు. చివర కృతజ్ఞతలు. తేదీలన్నీ సర్వీసు పుస్తకం చూసి రాయి. ఫోటోల కింద రాసేది తెలిసినవాళ్లని అడిగి రాయి. ఆయనకు మాత్రం చూపించకు, సభలోనే చూడాలి."

"అలాగే మేడమ్! చూసినవాళ్లంతా కంటతడి పెట్టాలి," అంది తరళ.

"కన్నీళ్లు తర్వాత. ముందు తేదీలు సరిగా ఉండనీ."

తరళ సర్వీసు పుస్తకం తెరిచింది. 1986లో రోజుకూలీగా చేరాడు. 1993లో ఉద్యోగం పర్మనెంటయింది. 2001లో పంపు ఆపరేటరు. 2012 నుంచి ఏటి ఒడ్డున ఉన్న పంపుహౌసుకి ఇన్‌చార్జి. రెండు బదిలీలు, ఒక్క మెమో కూడా లేదు. ఒక్కో మైలురాయికీ ఒక స్లైడు చేసింది. పైడిరాజు భార్య సన్యాసమ్మ దగ్గరికి గుట్టుగా వెళ్లి పాత ఫోటోలు తెచ్చింది. ఒకదానిలో, కొత్తగా బిగించిన మోటారు పక్కన, సన్నగా గెడకర్రలా పైడిరాజు.

జ్ఞాపకాలు అడిగితే అందరూ చిన్న చిన్న సంగతులే చెప్పారు. పంపు మీద అరచెయ్యి ఆనించి బేరింగు వేడెక్కుతోందని ముందే చెప్పేవాడట. ఎండాకాలంలో ఏ వీధికి నీళ్లు ఆలస్యమవుతాయో ఆ వీధివాళ్లకి తనే వెళ్లి చెప్పి వచ్చేవాడట.

'ఇవి చూపిస్తే ఎవరు చప్పట్లు కొడతారు?' అనుకుంది తరళ.

అప్పుడామెకు తొంభై ఆరు నాటి వరద గుర్తొచ్చింది. ఏటి బురదనీరు ఊరికిచ్చే నీళ్ల తొట్టిలోకి రాకుండా ఎవరో నడుంలోతు నీటిలో దిగి గేటు మూశారని ఆఫీసులో అందరూ అంటారు. ఫిట్టరు అప్పలనాయుడిని అడిగింది.

"ఆ రోజు పైడిరాజు గారు డ్యూటీలో ఉన్నారా?"

"ఉన్నారమ్మా. అప్పుడు మరి..." అని అప్పలనాయుడు ఇంకా ఏదో చెప్పబోయాడు. తరళ అప్పటికే మెట్లు దిగిపోయింది.

ఇంటికెళ్లి ఒక స్లైడు తయారు చేసింది. నల్లటి మబ్బులు, ఉధృతంగా పారే ఏరు. కింద పెద్ద అక్షరాలతో రాసింది: 'ప్రాణాలకు తెగించి, ఒంటరిగా గేటు మూసి, ఊరిని కాపాడిన వీరుడు పైడిరాజు.' చదువుకుంటే ఆమెకే ఒళ్లు జలదరించింది. తెలిసినవాళ్లని అడిగి రాయమన్న మాట గుర్తొచ్చింది కానీ, అడిగితే ఈ వీరుడు ఎక్కడ చిన్నబోతాడో అని అడగలేదు.

సభ రోజున హాలు నిండిపోయింది. పైడిరాజు దండతో వేదిక మీద కూర్చున్నాడు, పక్కన సన్యాసమ్మ. రిటైరైన పాతవాళ్లను కూడా పిలిచారు. వాళ్లలో చేతికర్ర పట్టుకుని కుంటుతూ వచ్చిన సింహాద్రి ఉన్నాడు. పైడిరాజుతో ఒకే రోజు కూలీకి చేరిన మనిషి. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు.

మైలురాళ్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. పాత ఫోటో చూసి జనం నవ్వారు. "ఆ నడుమెక్కడ, ఈ బొజ్జెక్కడ!" అన్నారెవరో. సన్యాసమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాత వరద స్లైడు వచ్చింది. తరళ గొంతు పెంచి చదివింది. హాలు చప్పట్లతో మారుమోగింది.

సింహాద్రి చప్పట్లు కొట్టలేదు. కర్ర అందుకుని లేచి తలుపు వైపు నడిచాడు.

పైడిరాజు అది చూశాడు. రిటైరయ్యేవాడు చివర్లోనే మాట్లాడాలి, అది సభ పద్ధతి. ఆయన పద్ధతి చూసుకోలేదు. మెడలో దండతోనే వేదిక దిగి పరుగెత్తాడు.

"బావా, ఆగు!"

"ఎందుకాగాల? గేటు మూసింది నేను. రాళ్ల మధ్య కాలు ఇరుక్కుని నుజ్జయింది నాది. ఇన్నేళ్లూ నా ఎనకాల నువ్వు సెప్పుకుంటున్నది ఇదేటి?"

"నేనెప్పుడూ అలా సెప్పలేదు బావా. నా పిల్లల మీద ఒట్టు."

"మరి ఆ తెర మీదికి దానంతటదే వచ్చీసిందా?"

హాలంతా చెవులు రిక్కించింది. పైడిరాజు తరళ వైపు వేలు చూపించలేదు. తల దించుకుని నిలబడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్ల స్నేహం ఆ గుమ్మం దగ్గర తెగిపోయేలా ఉంది.

తరళ చేతిలో మైకు ఉంది. నోరు మూసుకుంటే ఆమె పేరు బయటికి రాదు. కానీ తను చెయ్యని తప్పుకు పైడిరాజు తల దించుకోవడం ఆమె చూసింది.

"సింహాద్రి గారూ," అంది. "ఆయన ఏమీ చెప్పలేదు. ఇదంతా నేను రాశాను. ఆయన డ్యూటీలో ఉన్నారని మాత్రం విన్నాను. మిగతాది చప్పట్ల కోసం కల్పించాను. ఎవర్నీ అడగలేదు. నాదే తప్పు."

వెంటనే ఆ స్లైడు తీసేసింది. తెర తెల్లగా అయింది.

"ఇప్పుడు జ్ఞాపకాల భాగం," అంది తరళ మెల్లగా. "చెప్పేవాళ్ల జాబితాలో నేను సింహాద్రి గారి పేరు రాయలేదు. ఆయన చెబుతానంటే మొదట ఆయనే చెప్పాలి."

సింహాద్రి కర్ర ఊతంతో గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. తర్వాత మైకు అందుకున్నాడు.

"రెండు నిమిషాలేనా? సరే. ఆ రోజు నేను నీటిలో దిగాను. ఈ బావ దిగలేదు. నీట మునిగిన మోటార్లకి కరెంటు ఆపించడానికి సబ్‌స్టేషనుకి పరుగెత్తాడు. ఆపకపోతే నేను అక్కడే కాలిపోదును. తిరిగొచ్చి నన్ను భుజాన మోసుకెళ్లాడు. ఆ తర్వాత పై ఆఫీసరు, గేటు మూసినవాడిగా తన పేరే రాయమని ఈయనకి చెప్పాడు. ఈయన రాయలేదు. పంపుహౌసులో రోజూ రాసే లాగ్‌బుక్కులో 'గేటు మూసినవాడు సింహాద్రి, కాలికి దెబ్బ' అని టైముతో సహా రాశాడు. ఆ ఒక్క వాక్యం పట్టుకునే నన్ను పనిలోంచి తీసీకుండా కుర్చీ పని ఇచ్చారు. దానికి ఈయనకు దక్కింది బదిలీ."

సర్వీసు పుస్తకంలో ఆ బదిలీ ఉంది. తరళ దాన్ని వట్టి తేదీగా చదివేసింది.

ఈసారి చప్పట్లు మెల్లగా మొదలయ్యాయి, చాలాసేపు ఆగలేదు. సింహాద్రి ముక్కు చీదుకుని, "ఇంత పెద్ద దండ ఏసుకుని పరుగెత్తుతావేటి, పడితే ఎవడు ఎత్తుతాడు?" అన్నాడు. పైడిరాజు నవ్వి అతని చెయ్యి పట్టుకున్నాడు.

మిగిలినవాళ్లు అరచేతి సంగతి, వీధుల సంగతి చెప్పారు. చివర తరళ పేరుపేరునా కృతజ్ఞతలు చదివింది. సన్యాసమ్మ పేరు చదివినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. పైడిరాజు మైకు ముందు నిలబడి, "నేను చేసింది చాలు, చెయ్యనిది నాకొద్దు," అని మాత్రం అన్నాడు.

ఆ తరువాత తరళ చాలా వీడ్కోలు సభలకు స్లైడులు తయారు చేసింది. ప్రతి వాక్యం కిందా అది ఎవరు చెప్పారో పెన్సిలుతో రాసుకునేది.

నీతి: ఒకరిని పొగడడానికి అబద్ధం కలిపితే ఆ మనిషి గౌరవమూ పోతుంది, ఆ పొగడ్తకు అసలు హక్కుదారు గౌరవమూ పోతుంది, కనుక మెచ్చుకునే ముందు నిజం అడిగి తెలుసుకోవాలి.