గుంటలోని గొంతు

ఏటికి గట్టు లేని రోజులవి, లంకకు దారి లేని రోజులవి. ఆ రోజుల్లో ఒక లంక ఊళ్ళో నూకాలు ఉండేది. ఆమె మొగుడు ఎర్రయ్య రంపపుకోతవాడు. ఊళ్ళో ఉన్న ఒక్క పడవా ఆ ఏడు పుచ్చిపోయింది. ముసురు పట్టేసింది. వరద వచ్చేలోగా కొత్త పడవకు పలకలు కొయ్యాలి. లేకపోతే లంకలో ముసలీ ముతకా, పిల్లా జెల్లా ఏటిపాలే.

ఎర్రయ్య జోడీవాడు మంచాన పడ్డాడు. కోతగుంటలోకి దిగి కిందినుంచి రంపం లాగేవాళ్ళు లేరు.

"నేను దిగుతాను మావా," అంది నూకాలు.

"గుంటలో ఆడదా?" అని నవ్వింది ఊరు. నవ్వినవాళ్ళలో ఒక్కడూ దిగలేదు. నూకాలే కొంగు బిగించి దిగింది.

రంపపుకోత ఎలాగంటే, మానును గుంటమీద అడ్డంగా వేస్తారు. పైవాడు మానుమీద నిలబడి బొగ్గుగీత చూస్తూ రంపాన్ని పైకెత్తుతాడు. కిందిమనిషి దాన్ని కిందికి లాగాలి. రంపం కోసేది కిందికి దిగేటప్పుడే. కిందిమనిషికి గీత కనబడదు, పైవాడి మొహం కనబడదు, కంటినిండా రంపపు పొట్టే. వినబడేది పాట ఒక్కటే. ఎత్తేదీ దించేదీ ఆ పాటను బట్టే.

ఎర్రయ్య పాటలో అన్నీ అతని చరణాలే. కిందిమనిషి "ఊఁ" కొట్టాలి, అంతే. పాడినంతసేపూ పాడి, అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఆగిన చోట నూకాలుకు ఏమీ వినబడలేదు. తోచినప్పుడు లాగింది. రంపం బిగుసుకుపోయింది. ఏరు రేవులో ఒక మెట్టెక్కింది.

గుంటలో నూకాలు కళ్ళు తుడుచుకుంది.

"మావా, నువ్వు ఆగిన చోట నేను పాడతాను. నాకూ చరణం కావాలి."

"గుంటలో ఏం కనబడుతుందని పాడతావే?"

"కనబడనిదే పాడతాను. నీ ఆఖరి మాట నాకివ్వు, నేను దాంతోనే ఎత్తుకుంటాను. నా ఆఖరి మాట నువ్వు అందుకో. నీకెన్ని లాగుళ్ళో నాకూ అన్నే."

ఎర్రయ్య పైనుంచి ఎత్తుకున్నాడు:

*గీత చూసి నడిచేనే, గీత తప్పనీయనే*
*గీత తప్పితే పలకేది, పలక లేకుంటే పడవ*

గుంటలోంచి జవాబొచ్చింది:

*పడవ నేను చూడలేదు, పొట్టు చూశా మావయ్యా*
*లాగి లాగి దించకుంటే ఎక్కడిదయ్యా కోత*

కోత అన్న మాట అందుకుని అతను, అతని మాట అందుకుని ఆమె. ఒకరు పాడుతుంటే ఇంకొకరికి ఊపిరి దక్కింది. కానీ నాలుగేసి చరణాలకొకసారి, రంపం బిగుసుకోకుండా కోతలో చెక్కముక్క దిగ్గొట్టి, మళ్ళీ ఇద్దరూ ఒక్కసారే రంపం పట్టాలి. అక్కడ ఇద్దరూ కలిసి పాడే పల్లవి కావాలి.

ఎర్రయ్య ఒకటి కట్టాడు: *పైన నేను ఏలికను, కింద నువ్వు బంటువు.* అదే మాట నూకాలు పాడబోయింది. గుంటలో నిలబడి పైనున్నానంటే ఎలా? అబద్ధం గొంతులో అడ్డం పడింది. రంపం బిగుసుకుపోయింది. ఏరు రెండో మెట్టెక్కింది.

ఇంకోటి కట్టాడు: *పైన ఒకడు ఎత్తాడు, కింద ఒకతె లాగింది.* అబద్ధం కాదు. కానీ ఎవరి సంగతో చెప్పుకున్నట్టుంది. ఇద్దరి చేతులూ సడలాయి. రంపం గీత దాటి బిగుసుకుపోయింది. ఏరు మూడో మెట్టెక్కింది.

గుంటలో నూకాలు కళ్ళు తుడుచుకుంది.

"మావా, నీ నోట నిజమైంది నా నోటా నిజం కావాలి. నువ్వు నాతో అనాలి, నేను నీతో అనాలి. నీ గొంతు మరీ దించకు, నాది మరీ ఎత్తను. నడుమ కలుద్దాం."

అని, తనే మొదలుపెట్టింది:

*నీ చెయ్యి లేకుంటే నా చెయ్యి సాగదు*
*నీ పాట ఆగితే నా పాట లేదు*

ఎర్రయ్య కలిపాడు. పైనుంచి అతను అంటే ఆమె గురించి, కిందినుంచి ఆమె అంటే అతని గురించి. మాట ఒక్కటే. రంపం గీతమీదే దిగింది. ఏరు నాలుగో మెట్టు ఎక్కేలోగా పడవ నీళ్ళమీదుంది. లంకలో ఒక్క ప్రాణం పోలేదు. నవ్వినవాళ్ళంతా ఆ పడవలోనే ఒడ్డెక్కారు.

ఏళ్ళు గడిచి నూకాలు పోయింది. ఆమె కోసిన పలకలమీదే ఆమెను ఏరు దాటించారు. ఎర్రయ్య తన చరణం పాడాడు. ఆఖరి మాట పడవ. అది అందుకునే గొంతు లేదు. అతను తల దించుకున్నాడు. అప్పుడు రేవులో ఉన్న లంక లంకంతా నూకాలు చరణం ఎత్తుకుంది. ముసలాడు తలెత్తి పల్లవిలో కలిశాడు.

ఇప్పటికీ ఆ వైపు కోతవాళ్ళు మొదటి చరణం గుంటకే ఇస్తారు. ఆ లంకలో ఇద్దరు తగవుపడితే పెద్దలు తీర్పు చెప్పరు. "పై చరణం విన్నాం, గుంట చరణం విన్నాం. ఇక ఇద్దరి నోటా నిజమయ్యే పల్లవి చెప్పండి," అంటారు. అది దొరికేదాకా ఎవరినీ లేవనివ్వరు. అది మా నూకాలు పెట్టిన పద్ధతి అని ఛాతీ విరుచుకుని మరీ చెబుతారు.