సూరీడమ్మ చరణం

ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా నా నాలుక మీద వాత పెట్టు. కూర్మయ్య తాత తంబుర మీటితే మా వీధిలో పొయ్యి మీద పాలు కూడా పొంగడం ఆపి వినేవి. నా కళ్ళతో చూశాను.

ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. తొమ్మిదో ఏట నుంచి గురువు పక్కన కూర్చుని చెవితో పట్టిన తత్వాలే ఆయన ఆస్తి. అవి వెయ్యికి తక్కువుండవని నేనంటాను. నూటపన్నెండేనని పక్కింటి గౌరీశ్వరి అంటుంది. ఆ పిల్ల మాటే నమ్మాలి, రాసింది తనే గనక.

గౌరీశ్వరి నర్సు చదువు ముగించి ఉద్యోగం పిలుపు కోసం కూర్చుంది. ఆయనతోపాటే ఇవీ పోతాయన్న బెంగతో దిండంత నోటుబుక్కు కొనుక్కొచ్చింది. పాడకుండా మాటలు చెప్పెయ్ తాతా, చకచకా రాసేస్తాను అంది. ఆయన చెప్పబోయి మూడో మాట దగ్గరే దారి తప్పాడు. తంబుర చేతికిస్తే తప్ప మాట రాదు. పాట మధ్యలో ఆపి ఏమన్నావని అడిగితే, మళ్ళీ పల్లవి నుంచి మొదలు. మొదటి తత్వానికి మూడు నెలలు పట్టింది. సరే, మూడు రోజులు.

తర్వాత పిల్లకి కిటుకు తెలిసింది. మొదటిసారి పాడినప్పుడు పాదానికి మొదటి మాట మాత్రం రాసుకునేది. రెండోసారికి మిగతాది నింపేది. మూడోసారి, రాగం సాగింది ఎంత, అసలు మాట ఎంత అని విడదీసేది. అర్థం కాని మాట వస్తే విన్నది విన్నట్టే రాసి కింద గీత గీసేది. దాని అర్థం తాతకీ తెలియదు, గురువు నోట అలాగే విన్నాడంతే. చివర్న తను చదివి వినిపిస్తుంటే ఆయన మోకాలి మీద వేలితో తాళం వేసేవాడు. తప్పు వచ్చిన చోట వేలు ఆగేది.

అలా నూటపదకొండు అయ్యాయి. ఆఖరిదాని దగ్గర చిక్కొచ్చింది.

"తలుపు తీసి పెట్టినాను, తడవు చేసితివేల సామీ" అని భక్తుడి పిలుపు అది. మొదటి చరణం కూడా పిలుపే. రెండో చరణం దేవుడి జవాబు. ఆ జవాబు తాతకి రాదు. దాన్ని ఆయన భార్య సూరీడమ్మ పాడేది, ఆయన ఎడమ పక్కన కూర్చుని. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

నలభై ఏళ్ళు పక్కనే ఉండి నాలుగు పాదాలు పట్టలేకపోయావా అని గౌరీశ్వరి దెప్పింది.

"ఆవిడ పాడుతుంటే వినేవాణ్ణమ్మా," అన్నాడాయన. "నేర్చుకునేవాణ్ణి కాదు."

పోయేలోపల ఒక్కసారి అది చెవిన పడితే చాలునని, తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు.

పిల్ల ఆ మాట పట్టుకుంది. పుస్తకం కుంటిదైపోతుందన్న దిగులు ఒకటి, నూటపదకొండు రాసిన చెయ్యన్న ధీమా ఒకటి. రెండు రోజులు కూర్చుని దేవుడి జవాబు తనే కట్టేసింది. నాలుగు పాదాలు, అదే నడక, అదే ప్రాస. తాతకి చదివి వినిపించింది. వేలు ఒక్కచోట కూడా ఆగలేదు. ఆ పిల్ల గర్వానికి మా ఇంటి పెంకులు లేచి మళ్ళీ పడ్డాయి.

ఆయన తంబుర అందుకుని పల్లవి ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయింది. ముఖం ఎడమ పక్కకి తిప్పాడు.

తంబుర మోగుతూనే ఉంది. వేలు తాళం వేస్తూనే ఉంది. ఎదుటివాళ్ళు పాడుతుంటే వినే మనిషిలా చెవి ఒగ్గి కూర్చున్నాడు. గౌరీశ్వరి తన పాదాలు అందుకోబోయి నోరు తెరిచింది. ఆ ముఖం చూసి మూసుకుంది.

సరిగ్గా నాలుగు పాదాలకి పట్టేంత సేపు అలా ఉండి, ఆయన చివరి చరణం ఎత్తుకున్నాడు. గురువు పేరు చెప్పి ముగించాడు.

"ఇప్పుడు రాసుకో," అన్నాడు.

పిల్ల తను కట్టిన కాగితం చింపి, ఆ తత్వం మళ్ళీ మొదటినుంచి రాసింది. మధ్యలో నాలుగు పాదాల చోటు ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీ నేను చూశాను. మన ఊరు ఊరంతా పట్టేటంత ఉంది.

అన్నట్టు, నువ్వు రేపు గెడ్డవలస సంతకి పోతున్నావట కదా. సూరీడమ్మ చెల్లెలు అసిరమ్మ ఆ ఊళ్ళోనే ఉందని మొన్ననే తెలిసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ వాళ్ళ తల్లి దగ్గరే పాట నేర్చారట. ఆ చరణం ఆవిడకి వచ్చో రాదో నాకు తెలీదు. కాగితం మీద రాయించుకొస్తానంటే మాత్రం ఒప్పుకోను. మనిషినే ఆటో ఎక్కించి తీసుకురా. తాతకి ఏమీ చెప్పకు. ఎడమ పక్కన కూర్చోబెట్టు, అంతే.

పొద్దున్నే బయల్దేరు.